సుడిదోమ అంటే ఏ దోమ?

పొట్టదశలో ఉన్న వరిచేను పైకి పచ్చగానే కనిపిస్తుంది. దిగి మొదళ్లు పట్టి చూస్తే గోధుమరంగు పురుగులు నీటికి కాస్త పైన గుంపులుగా పట్టి రసం పీలుస్తుంటాయి. వారం తిరిగేసరికి చేలో అక్కడక్కడ గుండ్రంగా, సుడులు సుడులుగా పైరు ఎండిపోతుంది. మనవాళ్లు దీన్ని సుడిదోమ అంటారు, దోమపోటు అని కూడా అంటారు. ఇంగ్లీషులో దాని పేరు బ్రౌన్ ప్లాంట్‌హాపర్.

ఒక రైతు ఫోన్ తీసి ఇలా అడిగాడనుకుందాం: "వరిలో సుడిదోమకు ఇమిడాక్లోప్రిడ్ ఎందుకు పనిచేయడం లేదు?" ఏ మందు ఎంత కొట్టాలో చెప్పే కరపత్రాలు తెలుగులో బాగానే దొరుకుతాయి. ఎందుకు పనిచేయడం లేదన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఎక్కువగా ఇంగ్లీషు పరిశోధన పత్రాల్లోనే ఉంది. ఈ మందుకు సుడిదోమ తట్టుకునే శక్తి తెచ్చుకుందని 2000 తర్వాత ఆసియా దేశాల నుంచి వరసగా పత్రాలు వచ్చాయి. పురుగు ఒంట్లో మందును విరగ్గొట్టే ఎంజైములు పెరగడమే ప్రధాన కారణమని కూడా తేల్చారు. జవాబు ఉంది, అడిగేవాడు ఉన్నాడు, మధ్యలో భాష ఉంది. తెలుగు ప్రశ్నతో ఇంగ్లీషు పత్రాన్ని పట్టుకునే ఈ పనిని భాషాంతర శోధన అనవచ్చు.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో జెరార్డ్ సాల్టన్ 1970లోనే ఇంగ్లీషు, జర్మన్ మాటలను జతపరిచిన పదకోశంతో దీన్ని చేసి చూపించారు. తెలుగు ఇందులోకి చాలా ఆలస్యంగా వచ్చింది. యూరప్ పరిశోధకులు నడిపే క్లెఫ్ అనే పరీక్షలో 2006లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ బృందం హిందీ, తెలుగు ప్రశ్నలతో ఇంగ్లీషు వార్తలను వెతికించింది. ఆ వార్తలు లాస్ ఏంజెలిస్, గ్లాస్గో పత్రికలవి. వాటిలో సుడిదోమ ఉండే అవకాశం లేదు లెండి.

మన రైతు ప్రశ్నను మొదట పాత దారిలోనే, అంటే నిఘంటువు దారిలో నడిపిద్దాం. ఎందుకంటే కొత్త పద్ధతులు లోపల దాచుకునే తప్పులు ఇక్కడ బయటికే కనిపిస్తాయి.

మొదటి పని, విభక్తి ప్రత్యయాలు తీసేయడం. "వరిలో" అనే మాట నిఘంటువులో ఉండదు, "వరి" ఉంటుంది. కాబట్టి చివర "లో", "కు", "తో", "ని" లాంటివి కనిపిస్తే కత్తిరించమని కంప్యూటర్‌కు చెబుతాం. "సుడిదోమకు" చక్కగా "సుడిదోమ" అవుతుంది. అదే కత్తెర "ఆకు" మీద పడితే "ఆ" మిగులుతుంది. వ్యవసాయ ప్రశ్నల్లో ఆకు రాని ప్రశ్న అరుదు. ఆకుముడత, ఎండాకు, తాటాకు తెగులు, అన్నీ ఆకులే. కాబట్టి కత్తిరించే ముందు ఆ మాట మొత్తంగా నిఘంటువులో ఉందేమో చూసుకోవాలి, ఉంటే ముట్టుకోకూడదు. చిన్న నియమమే, కానీ ఇది లేని వ్యవస్థ సగం ప్రశ్నల్ని మొదటి అడుగులోనే పాడుచేస్తుంది.

రెండో పని, మాటకు మాట తేవడం. "సుడిదోమ" మామూలు నిఘంటువుల్లో దొరకదు. అప్పుడు కంప్యూటర్ దాన్ని రెండుగా విడగొడుతుంది. "దోమ" పక్కన మస్కిటో అని ఉంటుంది. "సుడి" పక్కన ఎడ్డీ, వర్ల్, వోర్టెక్స్ అని నాలుగైదు మాటలుంటాయి. వరికి రైస్ దొరికింది. ఇప్పుడు ఇంగ్లీషు పత్రాల్లో రైస్, మస్కిటో, ఎడ్డీ అనే మాటలతో వెతకాలి.

విచిత్రమేమంటే, ఈ వెతుకులాట ఖాళీ చేతులతో తిరిగిరాదు. వరిమడుల్లో దోమలు పెరగడం గురించీ, వాటివల్ల వచ్చే మెదడువాపు జ్వరం గురించీ ఇంగ్లీషులో పత్రాలు కుప్పలుగా ఉన్నాయి. అవి పైకి వస్తాయి. వరిపొలం నుంచి గాలిలోకి ఎంత మీథేన్ వాయువు పోతోందో కొలిచే ఒక పద్ధతి ఉంది, దాని పేరు ఎడ్డీ కోవేరియన్స్. ఆ పత్రాలూ పైకి వస్తాయి. రైతు పురుగుమందు గురించి అడిగితే చేతికి జ్వరం, వాతావరణ మార్పు వస్తాయి. ఏమీ దొరకకపోతే మరోలా అడుగుతాడు. ఏదో ఒకటి దొరికినప్పుడే ఇబ్బంది, వెతికినవాడు అసలు జవాబు లేదనుకుంటాడు.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఎడ్డీ దగ్గర జరిగింది. సెర్చ్ యంత్రాలు అరుదైన మాటకు ఎక్కువ విలువ ఇస్తాయి. వ్యవసాయ పత్రాల్లో రైస్ ప్రతిదాంట్లోనూ ఉంటుంది కాబట్టి దానితో పత్రాన్ని గుర్తుపట్టలేం. ఎడ్డీ కొన్నిట్లోనే ఉంటుంది కాబట్టి యంత్రం దాన్ని గట్టి ఆధారం అనుకుంటుంది. అంటే అనువాదం ఎంత వింతగా ఉంటే దానికి అంత బలం. దీనికి ఫిన్లాండ్ పరిశోధకుడు అరి పిర్కోలా 1998లో ఒక సులువైన మందు చెప్పారు. ఒక మాటకు వచ్చిన అనువాదాలన్నిటినీ కలిపి ఒకే మాటగా లెక్కించాలి. ఎడ్డీ, వర్ల్, వోర్టెక్స్ వీటిలో ఏది ఉన్నా "సుడి" ఉన్నట్టే అనుకుని, ఆ గుంపు మొత్తం ఎన్ని పత్రాల్లో ఉందో చూసి దాన్నిబట్టి విలువ కట్టాలి. గుంపులో మామూలు మాట ఒకటి ఉంటే చాలు, వింత మాట బలం తగ్గిపోతుంది. నిఘంటువు దారిలో నడిచిన చాలా వ్యవస్థలు తర్వాత ఈ పద్ధతినే పట్టుకున్నాయి.

ఇక "ఇమిడాక్లోప్రిడ్". ఇది ఏ తెలుగు నిఘంటువులోనూ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. ఇంగ్లీషు మాటే తెలుగు లిపిలో ఉంది. దాన్ని తిరిగి ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాలి. అక్షరానికి అక్షరం మారిస్తే imidaakloprid వస్తుంది. ఇలాంటి మాట ఏ పత్రంలోనూ లేదు. అయితే పత్రాల్లో ఉన్న ఇంగ్లీషు మాటల జాబితా మన దగ్గర ముందే ఉంది. అందులో దీనికి అతి దగ్గరగా ఉన్నదేదో చూస్తే చాలు. ఒక a తీసేసి, k బదులు c పెడితే imidacloprid. పదమూడు అక్షరాల్లో రెండే మార్పులు, అనుమానం లేదు.

ప్రతి మందూ ఇంత మంచిది కాదు. "ఎసిఫేట్" తీసుకోండి. అక్షరాలు మారిస్తే esiphet. అసలు మాట acephate. ఎనిమిది అక్షరాల మాట చేరడానికి ఐదు మార్పులు కావాలి. ఐదు మార్పులు ఒప్పుకుంటే ఆ దూరంలో సంబంధం లేని మాటలు ఎన్నో వచ్చి చేరతాయి. అందువల్ల పొడుగు పేర్లు సులువుగా దొరుకుతాయి, పొట్టి పేర్లు జారిపోతాయి. పొట్టివాటిని ముందే రాసిపెట్టుకోవడం తప్ప మంచి దారి లేదు.

మాటకు మాట కాకుండా వాక్యాన్ని మొత్తంగా అనువాద యంత్రానికి ఇస్తే? ఇది తప్పకుండా మెరుగు. వరి, ఇమిడాక్లోప్రిడ్ పక్కనే ఉన్నాయి కాబట్టి ఇక్కడ దోమ అంటే మనల్ని కుట్టే దోమ కాదని యంత్రం ఊహించే వీలుంది. కానీ సెర్చ్‌లో అందరూ పూర్తి వాక్యాలు రాయరు. "సుడిదోమ మందు" అని రెండు మాటలు కొట్టి ఊరుకుంటారు. మందు అంటే ఔషధం, పురుగుమందు, తుపాకిమందు, సాయంత్రం పూట ఇంకొకటి. చుట్టూ మాటలు లేనప్పుడు యంత్రం ఒక అర్థం ఎంచుకుని మిగతావి పారేస్తుంది. నిఘంటువైతే కనీసం అన్ని అర్థాలూ చేతికిచ్చేది. పైగా యంత్రం రాసిన ఇంగ్లీషు చక్కగా, తప్పుల్లేకుండా ఉంటుంది కాబట్టి చూసేవారికి అనుమానం రాదు. అనువాదం సరిగ్గా వచ్చినా ఇంకో చిక్కు ఉంది. యంత్రం బ్రౌన్ ప్లాంట్‌హాపర్ అని రాస్తే, శాస్త్రవేత్త తన పత్రంలో నీలపర్వత లూగెన్స్ అనే లాటిన్ పేరో, బీపీహెచ్ అనే పొడి అక్షరాలో వాడి ఉండవచ్చు.

ప్రశ్నకు బదులు ఇంగ్లీషు పత్రాలన్నిటినీ ముందే తెలుగు చేసి పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. నిజంగానే పత్రంలో సందర్భం ఎక్కువ కాబట్టి అనువాదం బాగా వస్తుంది. లక్షల పత్రాలకు అయ్యే ఖర్చు, యంత్రం మెరుగైన ప్రతిసారీ మళ్లీ చేయాల్సిన పని దీనికి అడ్డు. వెయ్యి పత్రాల చిన్న గ్రంథాలయానికి మాత్రం నేను ఇదే చేయమంటాను.

గత కొన్నేళ్లుగా అందరూ మొగ్గుతున్న దారి వేరు. ఇందులో అనువాదమే ఉండదు. తెలుగు వాక్యాన్నీ, ఇంగ్లీషు వాక్యాన్నీ రెండిటినీ అంకెల వరసలుగా మారుస్తారు. భూమి మీద ఒక ఊరిని అక్షాంశం, రేఖాంశం అనే రెండు అంకెలతో చెప్పినట్టు, ఒక వాక్యం అర్థాన్ని కొన్ని వందల అంకెలతో చెబుతారు. దీన్ని ఎంబెడింగ్ అంటారు. గూగుల్ 2020లో విడుదల చేసిన లాబ్సే అనే నమూనాకు 109 భాషలు వచ్చు, తెలుగు వాటిలో ఒకటి. అది ప్రతి వాక్యానికీ 768 అంకెలు ఇస్తుంది. తెలుగు వాక్యం అంకెలకు దగ్గరగా ఏ ఇంగ్లీషు పేరా అంకెలున్నాయో అదే జవాబు అనుకుంటారు. ఇంగ్లీషు పత్రాలను రెండు మూడు వందల మాటల ముక్కలుగా కోసి, అంకెలు ముందే లెక్కగట్టి పెట్టుకుంటారు. ప్రశ్న వచ్చాక దాని అంకెలు మాత్రం లెక్కిస్తే చాలు.

రెండు భాషల అంకెలు ఒకచోటికి ఎలా వస్తాయి? జంట వాక్యాలతో నేర్పిస్తారు. ఒక తెలుగు వాక్యం, దాని ఇంగ్లీషు అనువాదం చూపించి ఈ రెండిటినీ దగ్గరికి జరపమంటారు. అదే సమయంలో సంబంధం లేని వేరే ఇంగ్లీషు వాక్యాలు చూపించి వీటిని దూరం జరపమంటారు. ఇలా లక్షల జంటలతో చేస్తారు. ఐఐటీ మద్రాసుకు చెందిన ఏఐ4భారత్ బృందం 2021లో విడుదల చేసిన సమానంతర్ అనే సంపుటిలో దాదాపు 50 లక్షల తెలుగు-ఇంగ్లీషు జంటలున్నాయి. పెద్ద సంఖ్యే. కానీ ఇలాంటి సంపుటుల్లో ఉండేది ఎక్కువగా వార్తలు, ప్రభుత్వ ప్రకటనలు, ఉపన్యాసాలు. ప్రధాని ఏ దేశం వెళ్లారో ఈ నమూనాలకు బాగా తెలుసు. ఉల్లికోడు సంగతి అంతగా తెలియదు.

నమూనాకు తెలియని మాట వస్తే ఏమవుతుంది? ఇవి మాటల్ని ముక్కలుగా చదువుతాయి. ఫేస్‌బుక్ పరిశోధకులు 2019లో తెచ్చిన ఎక్స్‌ఎల్‌ఎం-ఆర్ అనే నమూనాకు 100 భాషలన్నిటికీ కలిపి రెండున్నర లక్షల ముక్కలున్నాయి. ఇంగ్లీషులో తరచూ వచ్చే మాట ఒకే ముక్కగా ఉంటుంది. తెలుగులో అరుదుగా వచ్చే మాట రెండు, మూడు ముక్కలవుతుంది. అలా "సుడిదోమ" విరిగితే నమూనా దాన్ని చూసేది సుడిగాను, దోమగాను. అంటే నిఘంటువు చేసిన తప్పే మళ్లీ జరిగే ప్రమాదం ఉంది. తేడా ఏమిటంటే, నిఘంటువు దారిలో మస్కిటో అన్న మాట కళ్లముందు కనిపించేది. ఇక్కడ 768 అంకెలు కనిపిస్తాయి, వాటిని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

అయినా వరి, పురుగుమందు అన్న మాటల ఆకర్షణ బలంగా ఉంటుంది కాబట్టి జవాబులు మరీ మెదడువాపు వైపు పోవు. వరి పురుగుల దగ్గరే తిరుగుతాయి. పచ్చదోమ మీద పత్రం, కాండం తొలుచు పురుగు మీద పత్రం వస్తాయి. చూడగానే పరవాలేదనిపిస్తుంది. పచ్చదోమ ఆకుల మీద ఉంటుంది, సుడిదోమ మొదళ్లలో ఉంటుంది, మందు కొట్టే చోటే వేరు. ఈ తేడా రైతుకు ముఖ్యం, అంకెలకు అంతగా కాదు.

ఇంకో బలహీనత "లేదు" అనే మాటలో ఉంది. ఇమిడాక్లోప్రిడ్ 1990ల్లో కొత్తగా వచ్చినప్పుడు సుడిదోమ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ రోజుల పత్రాలు అదే చెబుతాయి. మన ప్రశ్న పనిచేయకపోవడం గురించి. అదే పురుగు, అదే మందు, అదే పంట. కాదు, లేదు అనే తేడాను ఎంబెడింగ్‌లు తరచూ సరిగ్గా పట్టుకోలేవు. దాంతో పనిచేస్తుందన్న పాత పత్రం, పనిచేయదన్న కొత్త పత్రం పక్కపక్కనే నిలబడతాయి. పత్రం ఏ సంవత్సరానిదో జవాబు పక్కన చూపించకపోతే ఇది నష్టమే చేస్తుంది.

తప్పు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి? దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అదే ప్రశ్నను మంచి ఇంగ్లీషులో అడిగి, మొదటి పది ఫలితాలు పక్కన పెట్టుకోవాలి. తెలుగు ప్రశ్నకు వచ్చిన పదితో పోల్చాలి. ఇంగ్లీషు ప్రశ్నకూ సరైన పత్రం రాకపోతే లోపం భాషలో లేదు, పత్రాల్లోనో సెర్చ్‌లోనో ఉంది. ఇంగ్లీషుకు వచ్చి తెలుగుకు రాకపోతే తెలుగు ప్రశ్నలో ఒక్క మాట మార్చి చూడాలి. సుడిదోమ తీసి తెలుగు లిపిలోనే "బ్రౌన్ ప్లాంట్‌హాపర్" అని పెట్టి మళ్లీ అడగాలి. ఫలితాలు ఒక్కసారిగా బాగుపడితే లోపం ఆ ఒక్క మాటది, సరిచేయడం తేలిక. బాగుపడకపోతే నమూనాకు ఆ తెలుగు వాక్యమే అందలేదు, అది కష్టం. ఈ రంగంలో ఫలితాన్ని ఇలాగే చెప్పడం ఆనవాయితీ, ఇంగ్లీషు ప్రశ్నకు వచ్చిన ఫలితంలో తెలుగు ప్రశ్నకు ఎన్నోవంతు వచ్చిందని.

ఈ పరీక్షకు వాడే ప్రశ్నలు ఎక్కడివన్నది కూడా చూడాలి. చాలా పరీక్షల్లో ఇంగ్లీషు ప్రశ్నల్ని తెలుగు చేసి వాడతారు. అలా చేస్తే సుడిదోమ ఎప్పటికీ రాదు, బ్రౌన్ ప్లాంట్‌హాపర్‌కు తెలుగు వేషం వేసిన మాటే వస్తుంది, నమూనా సులువుగా గట్టెక్కుతుంది. దీనికి మినహాయింపుగా చెప్పుకోదగ్గది ఎక్స్‌ఓఆర్-టైడీ అనే ప్రశ్నల సంపుటి. అందులోని ఏడు భాషల్లో తెలుగు ఉంది. మాతృభాషగా తెలుగు ఉన్నవారికి వికీపీడియా వ్యాసంలోని మొదటి వంద అక్షరాలు మాత్రమే చూపించి, మీకు ఏం తెలుసుకోవాలని ఉందో అడగండి అన్నారు. తెలుగు వికీపీడియాలో జవాబు దొరకని ప్రశ్నలకు ఇంగ్లీషు వికీపీడియాలో జవాబు వెతికించారు. మనిషి నిజంగా అడిగిన ప్రశ్నలవి. వ్యవసాయానికి అలాంటి సంపుటి కావాలంటే రైతుల దగ్గరికే వెళ్లి యాభై ప్రశ్నలు వారి మాటల్లోనే రాసుకోవాలి.

పనికొచ్చే వ్యవస్థ కట్టేవారు ఒక్క దారినే నమ్ముకోరు. ముందు ఒక చిన్న పట్టిక రాసుకుంటారు. సుడిదోమ, దోమపోటు ఒక పక్క, బ్రౌన్ ప్లాంట్‌హాపర్, బీపీహెచ్, లాటిన్ పేరు ఇంకో పక్క. ఉల్లికోడుకు గాల్ మిడ్జ్. అగ్గితెగులుకు బ్లాస్ట్. ఈ అగ్గితెగులును మాటకు మాట మారిస్తే ఫైర్ బ్లైట్‌కు దగ్గరగా వెళుతుంది. అది యాపిల్, బేరి చెట్లకు వచ్చే వేరే జబ్బు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల తెలుగు కరదీపికలు ముందేసుకుంటే వరికి ఇలాంటి పట్టిక ఒక పూటలో తయారవుతుంది. నన్నడిగితే 50 లక్షల జంట వాక్యాలు ఇవ్వని మేలు ఈ ఒక్క పేజీ ఇస్తుంది.

ఆ పట్టికతో మార్చిన ఇంగ్లీషు మాటలతో ఒకసారి, ఎంబెడింగ్‌తో ఒకసారి వెతికి రెండు జాబితాలు తెస్తారు. వాటి మార్కులు వేర్వేరు కొలతలు కాబట్టి నేరుగా కూడలేం. అందుకని మార్కులు వదిలేసి స్థానాన్ని మాత్రమే చూస్తారు. 2009లో కెనడా పరిశోధకుడు గోర్డన్ కార్మాక్ బృందం చెప్పిన లెక్క ఇది: ప్రతి జాబితాలో పత్రానికి 1/(60+స్థానం) ఇచ్చి కూడాలి. మందు పనిచేయకపోవడం మీద రాసిన పత్రం మాటల జాబితాలో మొదటిది, ఎంబెడింగ్ జాబితాలో మూడోది అనుకుందాం. దానికి 1/61, 1/63 కలిపి 0.0323 వస్తుంది. పచ్చదోమ పత్రం ఎంబెడింగ్ జాబితాలో మొదటిదే, కానీ మాటల జాబితాలో లేదు. దానికి 1/61, అంటే 0.0164. సగమే. రెండు సాక్ష్యాలు ఒప్పుకున్న పత్రం పైకి వచ్చింది.

పత్రం దొరికాక దాన్ని తెలుగులో చెప్పడం ఇంకో పని. అక్కడ హెక్టారు లెక్క ఎకరం లెక్కగా మారాలి. చైనాలో వాడే మందుకు మన దేశంలో వరి మీద అనుమతి ఉందో లేదో చూడాలి. శోధన యంత్రానికి ఇవేవీ తెలియవు, తెలిసినట్టు నటించనివ్వకూడదు కూడా.

ఇంతవరకు రైతు తెలుగు లిపిలో రాశాడనే అనుకున్నాం. ఫోన్లో చాలామంది sudidoma ki imidacloprid enduku pani cheyatledu అని కొడతారు. ఇప్పుడు చిక్కులు తలకిందులవుతాయి. ఇంతకుముందు తిప్పలు పెట్టిన మందు పేరు డబ్బా మీద చూసి కొట్టాడు కాబట్టి నేరుగా ఇంగ్లీషు పత్రంలోని మాటతో కలిసిపోతుంది. నిలకడగా ఉన్న తెలుగు మాటలే చెదిరిపోతాయి. vari అంటే వరి కావచ్చు, వారి కావచ్చు. doma ఒకరు రాస్తే dhoma అని ఇంకొకరు రాస్తారు. కాబట్టి లిపి చూసి భాష తేల్చుకునే వ్యవస్థ దీన్ని ఇంగ్లీషు ప్రశ్న అనుకుని, పైన చెప్పిన పట్టికనూ అనువాదాన్నీ దాటవేసి, ఒక్క imidacloprid తో వెతికి ఆ మందు మీద వచ్చిన పత్రాలన్నీ, పత్తివీ చెరకువీ సహా, కుప్పపోస్తుంది.